ఓమ్ నియమ ప్రయోగ నివేదిక

ఓమ్ నియమ ప్రయోగ నివేదిక అనగా, ఒక వాహకం చివరల మధ్య ఉండే పొటెన్షియల్ భేదానికి, దాని గుండా ప్రవహించే విద్యుత్తుకు మధ్య గల సంబంధాన్ని ప్రయోగశాలలో పరీక్షించి, ఆ పరిశీలనలను పట్టిక, గ్రాఫు, దోషముల చర్చ రూపంలో వ్రాసిపెట్టే పత్రం. ఉన్నత పాఠశాలలలోను, జూనియర్ కళాశాలలలోను విద్యార్థులు దీనిని తమ రికార్డు పుస్తకంలో వ్రాస్తారు. ఉద్దేశం, పరికరములు, సూత్రం, పద్ధతి, పరిశీలనలు, గ్రాఫు, దోషములు, ఫలితం అనే శీర్షికలు దాదాపు అన్ని రికార్డులలోను ఒకే వరుసలో ఉంటాయి. వీటిలో మొదటి నాలుగు పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి. మిగిలిన నాలుగు ఆ రోజు ఆ బల్లపై ఉన్న పరికరాల నుండి మాత్రమే వస్తాయి. నియమం నిజంగా పరీక్షకు నిలిచిందో లేదో తేల్చేవి కూడా అవే. ఈ వ్యాసంలో ఒక మాంగనిన్ తీగకు సంబంధించిన రీడింగులను ఉదాహరణగా తీసుకొని, ఆ నాలుగు భాగాలను ఎలా వ్రాయాలో వివరించడమైనది.

## ప్రయోగంలో పరీక్షించేది ఏమిటి

ఓమ్ నియమం ప్రకారం, ఉష్ణోగ్రత మొదలైన భౌతిక పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు, లోహ వాహకం చివరల మధ్య పొటెన్షియల్ భేదం (V) దాని గుండా ప్రవహించే విద్యుత్తుకు (I) అనులోమానుపాతంలో ఉంటుంది. దీనిని సాధారణంగా V = IR అని వ్రాస్తారు. ఇక్కడ R ఆ వాహకపు నిరోధం.

చాలా రికార్డులలో ఒక పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. V ని I తో భాగించి, వచ్చిన అంకెను నిరోధం అని పిలవడం కేవలం నిరోధానికి నిర్వచనం. ఏ వస్తువుకైనా, ఏ రీడింగుకైనా ఆ భాగహారం చేయవచ్చు. టార్చిబల్బుకు కూడా చేయవచ్చు. కావున ఒక్క రీడింగు తీసుకొని R విలువ కట్టినంత మాత్రాన నియమాన్ని పరీక్షించినట్లు కాదు. నియమం చెప్పేది అంతకంటె ఎక్కువ: విద్యుత్తును ఎంత మార్చినా ఆ నిష్పత్తి మారకూడదు. అందువలన నివేదిక సమాధానం చెప్పవలసిన ప్రశ్న "R ఎంత?" అన్నది మాత్రమే కాదు. "కొలతలలోని దోషాన్ని లెక్కలోకి తీసుకొన్న తరువాత, V/I విలువ స్థిరంగా ఉన్నదా?" అన్నది అసలు ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు దోషముల చర్చ లేకుండా జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఎందుకంటే ఏ రెండు రీడింగులూ అచ్చంగా ఒకే నిష్పత్తిని ఇవ్వవు. వచ్చిన తేడా పరికరాల పరిమితి వలన వచ్చిందా, లేక తీగ స్వభావం వలన వచ్చిందా అన్నది తేల్చుకోవాలి.

## వలయము, పరికరములు

ఉదాహరణ ప్రయోగంలో సుమారు 5 ఓముల నిరోధం గల మాంగనిన్ తీగ, 1.5 వోల్టుల నిర్జల ఘటాలు మూడు, సుమారు 50 ఓముల రియోస్టాట్, ప్లగ్ కీ, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు ఉన్నాయి. ఘటాలు, కీ, రియోస్టాట్, అమ్మీటరు, తీగ ఒకదాని తరువాత ఒకటిగా శ్రేణిలో ఉంటాయి. వోల్టుమీటరును తీగ రెండు చివరలకు సమాంతరంగా కలుపుతారు. రెండు మీటర్లలోను ధన టెర్మినల్ ఘటాల ధన ధ్రువం వైపు ఉండాలి. లేనిచో ముల్లు సున్నాకు వెనుకకు పోతుంది.

పరికరముల జాబితాలో పేర్లు మాత్రమే వ్రాస్తే చాలదు. మీటర్ల వ్యాప్తిని, కనీసపు కొలతను కూడా వ్రాయాలి. ఈ ఉదాహరణలో వోల్టుమీటరు 0 నుండి 3 వోల్టుల వరకు 60 విభాగాలు కలది. కావున దాని కనీసపు కొలత 3/60 = 0.05 వోల్టు. అమ్మీటరు 0 నుండి 500 మిల్లీ ఆంపియర్ల వరకు 50 విభాగాలు కలది. కావున దాని కనీసపు కొలత 10 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.01 ఆంపియరు. తరువాత వచ్చే దోషాల లెక్క అంతా ఈ రెండు అంకెలపైనే ఆధారపడుతుంది.

కీ మూయడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. వలయంలో విద్యుత్తు లేనప్పుడు రెండు మీటర్ల ముళ్ళు ఎక్కడ నిలిచి ఉన్నాయో చూసి వ్రాసుకోవాలి. ఉదాహరణ ప్రయోగంలో అమ్మీటరు ముల్లు సరిగా సున్నాపై ఉన్నది. వోల్టుమీటరు ముల్లు మాత్రం సున్నా వద్ద కాక, 0.10 వోల్టు గీత వద్ద, అనగా రెండు విభాగాలు ముందుకు జరిగి ఉన్నది. దీనిని శూన్యాంశ దోషం అంటారు. ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి వాడిన ముల్లు మీటర్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. మీటరు ముందు భాగంలో ఉండే చిన్న మరను తిప్పి దీనిని సరిచేయవచ్చు. సరిచేయనప్పుడు ఆ విలువను నివేదికలో తప్పక వ్రాయాలి.

## పరిశీలనల పట్టిక

రియోస్టాట్ జారుడు కొనను జరుపుతూ విద్యుత్తును 0.10 ఆంపియరు నుండి 0.40 ఆంపియరు వరకు మెట్టుకు 0.06 చొప్పున పెంచి, ప్రతిసారి రెండు మీటర్ల రీడింగులను ఒకేసారి తీసుకోవాలి. ముల్లు సరిగా ఒక గీతపై నిలిచేటట్లు అమ్మీటరును అమర్చుకొంటే, అంచనా వేయవలసినది వోల్టుమీటరు రీడింగు ఒక్కటే అవుతుంది. కన్ను ముల్లుకు సరిగా ఎదురుగా ఉండాలి. మీటరులో అద్దపు పట్టీ ఉంటే, ముల్లు తన ప్రతిబింబాన్ని కప్పివేసే స్థానం నుండి చూడాలి. పక్క నుండి చూస్తే పారలాక్స్ వలన ఒక విభాగం వరకు తేడా రావచ్చు. రీడింగు తీసుకొన్న వెంటనే కీ తెరవాలి. తీగ వేడెక్కకుండా ఉండడానికి ఇది అవసరం.

| క్రమ సంఖ్య | విద్యుత్తు I (ఆంపియర్లు) | వోల్టుమీటరు రీడింగు (వోల్టులు) | సవరించిన V (వోల్టులు) | సవరించక ముందు నిష్పత్తి (ఓములు) | సవరించిన V/I (ఓములు) |
|---|---|---|---|---|---|
| 1 | 0.10 | 0.60 | 0.50 | 6.00 | 5.00 |
| 2 | 0.16 | 0.90 | 0.80 | 5.63 | 5.00 |
| 3 | 0.22 | 1.15 | 1.05 | 5.23 | 4.77 |
| 4 | 0.28 | 1.45 | 1.35 | 5.18 | 4.82 |
| 5 | 0.34 | 1.75 | 1.65 | 5.15 | 4.85 |
| 6 | 0.40 | 2.05 | 1.95 | 5.13 | 4.88 |

సవరించిన V అనగా వోల్టుమీటరు రీడింగు నుండి 0.10 తీసివేయగా వచ్చిన విలువ. మీటరుపై చూసిన అంకెను చెరిపివేసి సవరించిన అంకెను మాత్రమే వ్రాయడం సరికాదు. చూసినది ఒక నిలువు వరుసలోను, దాని నుండి లెక్కించినది మరొక వరుసలోను ఉండాలి. అప్పుడే సవరణలో పొరపాటు జరిగినా తరువాత పట్టుకోవడానికి వీలవుతుంది. ప్రమాణాలను ప్రతి అంకె పక్కన కాక వరుస శీర్షికలో ఒకసారి వ్రాస్తే చాలు. 0.5 అని కాక 0.50 అని వ్రాయడం కూడా అర్థం లేని అలవాటు కాదు. వోల్టుమీటరును రెండవ దశాంశ స్థానం వరకు చదివినట్లు ఆ సున్నా చెబుతుంది.

ఈ పట్టికలో గమనించదగినది ఐదవ నిలువు వరుస. శూన్యాంశ దోషాన్ని పట్టించుకోని విద్యార్థికి నిష్పత్తి 6.00 తో మొదలై 5.13 వరకు క్రమంగా తగ్గినట్లు కనిపిస్తుంది. ఒక్కసారి కూడా పైకి పోలేదు. ఈ అంకెలను నమ్మితే మాంగనిన్ ఓమ్ నియమాన్ని పాటించడం లేదని చెప్పవలసి వస్తుంది. కొందరు ఈ ఆరు అంకెలకు సగటు కట్టి 5.39 ఓములు అని వ్రాసి, నియమం నిరూపించబడినది అని ముగిస్తారు. ఆ సగటు సరియైన విలువ కంటె పది శాతానికి పైగా ఎక్కువ. అంతకంటె ముఖ్యమైన విషయం, ఒకే దిశలో మారుతున్న అంకెలకు సగటు కట్టడం వలన ఆ మార్పు కంటికి కనబడకుండా పోతుంది. సగటు అన్నది ఒక విలువకు అటు ఇటు చెదరి ఉన్న రీడింగులకు పనికివస్తుంది. క్రమంగా జారుతున్న రీడింగులకు పనికిరాదు.

ఆరవ నిలువు వరుసలో అటువంటి క్రమం లేదు. అంకెలు 4.77 నుండి 5.00 వరకు చెదరి ఉన్నాయి. ఆ చెదురు తక్కువ విద్యుత్తు వద్ద ఎక్కువగాను, ఎక్కువ విద్యుత్తు వద్ద తక్కువగాను ఉన్నది. నిజంగా తీసుకొన్న రీడింగులకు ఇది సహజ లక్షణం. కారణం దోషముల చర్చలో చూడవచ్చు. ముందుగా ఒక నిరోధాన్ని మనసులో అనుకొని, దానితో గుణించి వ్రాసిన రీడింగులలో నిష్పత్తి అన్ని వరుసలలోను ఒకే అంకెగా వస్తుంది. ఇటువంటి మీటర్లతో అలా రావడం చాలా అరుదు కావున, అటువంటి పట్టికను అనుభవం గల పరీక్షకులు సులభంగానే గుర్తిస్తారు.

## గ్రాఫు

గ్రాఫులో x-అక్షంపై I ని, y-అక్షంపై V ని తీసుకొంటే రేఖ వాలు నేరుగా నిరోధాన్ని ఇస్తుంది. అక్షాలను తారుమారు చేసి గీయడం తప్పు కాదు కాని, అప్పుడు వాలు 1/R అవుతుంది. ఏది తీసుకొన్నారో నివేదికలో చెప్పాలి. ఈ ఉదాహరణకు x-అక్షంపై 1 సెం.మీ. = 0.05 ఆంపియరు, y-అక్షంపై 1 సెం.మీ. = 0.20 వోల్టు అనే స్కేలు సరిపోతుంది. చివరి బిందువు అడ్డంగా 8 సెం.మీ., నిలువుగా 10 సెం.మీ. దాటి పడుతుంది. కాగితంలో ఒక మూలకు పరిమితమయ్యే స్కేలు తీసుకొంటే బిందువుల చెదురు కనబడదు.

గ్రాఫుపై సవరించిన V ని కాక, వోల్టుమీటరుపై చూసిన రీడింగునే గుర్తించడం ఇక్కడ ఎక్కువ ఉపయోగకరం. ఆరు బిందువులను గుర్తించిన తరువాత, వాటిలో వీలైనన్నింటికి దగ్గరగా పోతూ, కొన్ని పైన, కొన్ని క్రింద ఉండేటట్లు స్కేలుతో ఒకే ఒక సరళరేఖను గీయాలి. బిందువు నుండి బిందువుకు వంకర గీతలు కలపరాదు. రేఖను బలవంతంగా మూలబిందువు గుండా లాగరాదు. V శూన్యమైనప్పుడు I శూన్యం అవుతుందని సిద్ధాంతం చెబుతుంది కాబట్టి మూలబిందువు గుండా పోవాలి అనే వాదన వినిపిస్తూ ఉంటుంది. అయితే, ఆ వాదనను పరీక్షించడానికే గ్రాఫు గీస్తున్నాము. జవాబును ముందే రేఖలో చేర్చివేస్తే ఇక పరీక్ష అంటూ ఏమీ మిగలదు.

వాలు కట్టడానికి పట్టికలోని రీడింగులను కాక, రేఖపైనే దూరంగా ఉన్న రెండు బిందువులను తీసుకోవాలి. ఈ ఉదాహరణలో రేఖ (0.12, 0.69), (0.38, 1.94) అనే బిందువుల గుండా పోతుంది. అప్పుడు

R = (1.94 − 0.69) / (0.38 − 0.12) = 1.25 / 0.26 = 4.81 ఓములు

ఇప్పుడు రేఖను వెనుకకు పొడిగిస్తే అది y-అక్షాన్ని సుమారు 0.11 వోల్టు వద్ద ఖండిస్తుంది. కీ తెరిచి ఉన్నప్పుడు వోల్టుమీటరు చూపిన 0.10 వోల్టుకు ఇది సరిపోతున్నది. అనగా గ్రాఫు తనంతట తానే శూన్యాంశ దోషాన్ని బయటపెట్టింది. అన్ని రీడింగులకు ఒకే విలువ కలిసినప్పుడు రేఖ మొత్తం పైకి జరుగుతుంది గాని, దాని వాలు మారదు. అందుకే సవరణ చేయని రీడింగుల నుండి కూడా వాలు ద్వారా సరియైన నిరోధం వచ్చింది. అవే రీడింగులను విడివిడిగా భాగించినప్పుడు 6.00 నుండి 5.13 వరకు తప్పు విలువలు వచ్చాయి. పట్టికలోని నిష్పత్తుల సగటు కంటె గ్రాఫు వాలుకు విలువ ఎక్కువ ఇవ్వడానికి ఇదే కారణం.

అంతరఖండం కనిపించినంత మాత్రాన తప్పు వోల్టుమీటరుదే అని చెప్పలేము. అమ్మీటరు అన్ని చోట్ల సుమారు 0.02 ఆంపియరు తక్కువ చూపినా ఇదే రేఖ వస్తుంది. రెండింటిలో ఏది కారణమో గ్రాఫు చెప్పదు. కీ మూయకముందు రెండు ముళ్ళ స్థానాలను వ్రాసుకొన్న ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

## దోషముల చర్చ

ఈ శీర్షిక క్రింద "పరికరాలలో లోపం, మానవ తప్పిదం వలన దోషాలు రావచ్చు" అని వ్రాయడం పరిపాటి. ఆ వాక్యం ఏ ప్రయోగానికైనా సరిపోతుంది కాబట్టి ఈ ప్రయోగం గురించి ఏమీ చెప్పదు. ప్రతి దోషానికి మూడు విషయాలు చెప్పాలి: అది R విలువను ఏ వైపుకు జరుపుతుంది, సుమారు ఎంత జరుపుతుంది, అది ఉన్నట్లు ఎలా తెలుస్తుంది.

### కనీసపు కొలత వలన వచ్చే దోషం

ముల్లు రెండు గీతల మధ్య ఉన్నప్పుడు దగ్గరి గీతకు చదువుతాము కావున ప్రతి రీడింగులోను అర విభాగం వరకు అనిశ్చితి ఉంటుంది. వోల్టుమీటరుకు అది 0.025 వోల్టు, అమ్మీటరుకు 0.005 ఆంపియరు. ఇది ఒకసారి ఎక్కువగా, మరొకసారి తక్కువగా పడే యాదృచ్ఛిక దోషం.

మొదటి రీడింగులో 0.50 వోల్టుకు 0.025 అంటే 5 శాతం. 0.10 ఆంపియరుకు 0.005 కూడా 5 శాతమే. భాగహారంలో ఈ శాతాలను కలుపుతారు కావున మొదటి నిష్పత్తిలో 10 శాతం వరకు దోషం ఉండవచ్చు. అనగా అది 5.00 ± 0.50 ఓములు. చివరి రీడింగులో అవే అర విభాగాలు పెద్ద విలువలలో చిన్న భాగం అవుతాయి. అక్కడ మొత్తం దోషం 2.5 శాతం మాత్రమే. ఆ నిష్పత్తి 4.88 ± 0.12 ఓములు. తక్కువ విద్యుత్తు వద్ద చెదురు ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. సవరించిన ఆరు నిష్పత్తులకు ఇదే విధంగా పరిమితులు కడితే, వాలు నుండి వచ్చిన 4.81 అన్నింటి పరిమితులలోను పడుతుంది. కావున వాటి మధ్య తేడా పరికరాల పరిమితికి లోబడినదే. సవరించని నిష్పత్తుల సంగతి వేరు. మొదటిది సుమారు 5.45 కంటె తగ్గజాలదు, చివరిది సుమారు 5.26 కంటె పెరగజాలదు. రెండింటికీ ఉమ్మడిగా ఒక్క విలువ కూడా లేదు. ఆ జారుడు అర విభాగపు అనిశ్చితితో వచ్చినది కాదని, దానికి వేరే కారణం ఉండి తీరాలని ఈ చిన్న లెక్కే చూపిస్తుంది.

వాలులోని దోషాన్ని గ్రాఫు నుండే అంచనా వేయవచ్చు. అమ్మీటరులోని 0.005 ఆంపియరు, సుమారు 4.8 ఓముల తీగలో 0.024 వోల్టుకు సమానం. దీనికి వోల్టుమీటరు అర విభాగాన్ని కలిపితే ప్రతి బిందువుకు పైన, క్రింద దాదాపు 0.05 వోల్టు చొప్పున చిన్న నిలువు గీత గీయవచ్చు. ఈ గీతలన్నింటినీ తాకుతూ పోగల అత్యంత నిటారు రేఖ వాలు సుమారు 5.1, అత్యంత వాలిన రేఖ వాలు సుమారు 4.5. కావున నిరోధం 4.8 ± 0.3 ఓములు. దోషం మొదటి దశాంశ స్థానంలోనే ఉన్నప్పుడు ఫలితాన్ని 4.81 అని వ్రాయడంలో అర్థం లేదు. గణన యంత్రం చూపిన 4.8076923 ను యథాతథంగా ఎత్తి వ్రాయడంలో అసలే లేదు.

### తీగ వేడెక్కడం

విద్యుత్తు 0.40 ఆంపియరు ఉన్నప్పుడు ఈ తీగలో I²R = 0.77 వాట్ల సామర్థ్యం వేడిగా మారుతుంది. లోహాల నిరోధం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కాబట్టి, వేడి వలన నిష్పత్తి ఎక్కువ విద్యుత్తు వద్ద పెరుగుతుంది. గ్రాఫు పై కొన వద్ద పైకి వంగుతుంది. శూన్యాంశ దోషంతో దీనిని పోల్చి చూడాలి. ఉదాహరణలో శూన్యాంశ దోషం తక్కువ విద్యుత్తు వద్ద నిష్పత్తిని ఎక్కువగా పాడుచేసింది, రేఖను మాత్రం వంచలేదు. వేడి ఎక్కువ విద్యుత్తు వద్ద పాడుచేస్తుంది, రేఖను వంచుతుంది. ఈ రెండు గుర్తులను బట్టి వాటిని విడదీయవచ్చు.

మాంగనిన్ అనేది రాగి, మాంగనీసు, నికెల్ కలిసిన మిశ్రమ లోహం. దాని నిరోధం ఉష్ణోగ్రతతో దాదాపు మారదు. 20 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినా మార్పు కంటికి కనబడనంత స్వల్పం. అదే ఇనుప తీగ అయితే డిగ్రీకి సుమారు అర శాతం చొప్పున పెరుగుతుంది కావున, 20 డిగ్రీలకు 10 శాతం మారుతుంది. అప్పుడు 4.8 ఓములు 5.3 వరకు పోతుంది. ఇది పైన కట్టిన 2.5 శాతం దోషం కంటె ఎంతో ఎక్కువ. ప్రయోగశాలలో మాంగనిన్ తీగనే ఇవ్వడానికి కారణం ఇదే.

వేడి ప్రభావం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి, విద్యుత్తును 0.40 నుండి తిరిగి 0.10 వరకు తగ్గిస్తూ రెండవసారి రీడింగులు తీసుకోవాలి. పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు వచ్చిన రీడింగులు ఒక విభాగంలోపు సరిపోతే, తీగ చెప్పుకోదగినంత వేడెక్కలేదని భావించవచ్చు. తగ్గించేటప్పుడు వోల్టుమీటరు ప్రతిచోటా ఎక్కువ చూపితే, తీగ ఇంకా చల్లారలేదని అర్థం.

తీగకు బదులు టార్చిబల్బును పెట్టి ఇదే ప్రయోగం చేస్తే స్పష్టమైన వక్రరేఖ వస్తుంది. వెలుగుతున్న ఫిలమెంటు నిరోధం, చల్లగా ఉన్నప్పటి నిరోధం కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడ ఓమ్ నియమం తప్పినదని వ్రాయరాదు. ఉష్ణోగ్రత మారకూడదు అనే షరతు ఇక్కడ నెరవేరలేదు కాబట్టి, ఆ ప్రయోగం నియమాన్ని పరీక్షించలేదని వ్రాయాలి.

### వోల్టుమీటరు తీసుకొనే విద్యుత్తు

ఈ వలయంలో అమ్మీటరు తీగ గుండా పోయే విద్యుత్తును మాత్రమే కాక, వోల్టుమీటరు గుండా పోయే కొద్దిపాటి విద్యుత్తును కూడా కలిపి చూపుతుంది. అందువలన లెక్కించిన నిరోధం అసలు విలువ కంటె ఎప్పుడూ కొంచెం తక్కువగానే వస్తుంది. ఎన్నిసార్లు కొలిచి సగటు కట్టినా పోని క్రమ దోషం ఇది. వోల్టుమీటరు నిరోధం 500 ఓములు అనుకొంటే, 4.8 ఓముల తీగకు ఈ దోషం దాదాపు 1 శాతం. మన ± 0.3 ఓము ముందు అది చిన్నది కావున ఇక్కడ వదలివేయవచ్చు, కాని వదలివేసినట్లు చెప్పాలి. కొలవవలసిన నిరోధమే 500 ఓములు అయితే, ఇదే వలయం దానిని 250 ఓములుగా చూపుతుంది. గ్రాఫు మాత్రం అప్పుడు కూడా చక్కటి సరళరేఖగానే ఉంటుంది.

ఇందులో ఒక ముఖ్య విషయం ఉన్నది. వంపు, అంతరఖండం గ్రాఫులో కనిపిస్తాయి. నిష్పత్తిని అన్ని చోట్ల ఒకే శాతంలో మార్చే దోషం కనిపించదు. వదులైన మరలు, త్రుప్పు పట్టిన తీగ చివరలు కూడా ఇటువంటివే. వోల్టుమీటరును తీగ చివరలకు నేరుగా కాక, సంధాన తీగలకు ఇవతల కలిపితే, ఆ కూడలి నిరోధం కూడా తీగ నిరోధంగా లెక్కకు వస్తుంది. దీనికి విరుగుడు గ్రాఫులో లేదు. తీగ చివరలను గరుకు కాగితంతో రుద్ది, మరలు బిగించి, వోల్టుమీటరు కొనలను తీగపైనే కలపడమే మార్గం. కావున మూలబిందువు గుండా పోయే సరళరేఖ, V, I ల అనుపాతానికి సాక్ష్యమే గాని R విలువ సరియైనదనడానికి సాక్ష్యం కాదు.

## ఫలితము వ్రాయు విధానము

"ఓమ్ నియమం నిరూపించబడినది" అనే ఒక్క వాక్యం ఫలితం కాదు. ఏ వ్యాప్తిలో, ఎంత దోషంతో, ఏ షరతుపై అన్నవి కూడా చెప్పాలి. ఉదాహరణ ప్రయోగానికి ఫలితాన్ని ఈ విధంగా వ్రాయవచ్చు:

> విద్యుత్తు 0.10 ఆంపియరు నుండి 0.40 ఆంపియరు వరకు మారినప్పుడు, ఇచ్చిన మాంగనిన్ తీగకు V – I గ్రాఫు దోష పరిమితిలో సరళరేఖగా వచ్చినది. y-అక్షంపై 0.11 వోల్టు అంతరఖండం, వోల్టుమీటరులో ముందుగా గమనించిన 0.10 వోల్టు శూన్యాంశ దోషానికి సరిపోయినది. రేఖ వాలు నుండి తీగ నిరోధం 4.8 ± 0.3 ఓములు. ఈ వ్యాప్తిలో నిరోధం విద్యుత్తుపై ఆధారపడినట్లు కనబడలేదు.

చివరి వాక్యంలో "కనబడలేదు" అన్న మాట ఉద్దేశపూర్వకమైనది. 0.05 వోల్టు కనీసపు కొలత గల మీటరుతో అర శాతం మార్పును చూడలేము. చూడలేని మార్పు లేదని చెప్పడానికి ఈ ప్రయోగానికి అధికారం లేదు.

## ఓమ్ చేసిన ప్రయోగము

జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ (1789 – 1854) ఈ నియమాన్ని కనుగొన్న కాలంలో కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన మొదట వోల్టా ఘటాలతో కొలతలు తీసుకొన్నాడు. కొలతలు జరుగుతూ ఉండగానే ఆ ఘటాల బలం మారిపోతూ ఉండేది. 1825 లో ఆ కొలతల ఆధారంగా ప్రకటించిన సంబంధం సంవర్గమాన రూపంలో ఉన్నది, అది నిలువలేదు. పొగెండార్ఫ్ సలహాపై ఆయన ఘటాలను వదలి, బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మాన్ని విద్యుత్ జనకంగా వాడాడు. దాని ఒక సంధిని మరుగుతున్న నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచాడు. ఈ రెండు ఉష్ణోగ్రతలు మారవు కాబట్టి వోల్టేజి కూడా స్థిరంగా నిలిచింది. 1826 లో సరియైన సంబంధం వెలువడింది. 1827 లో ఆయన దానిని గణిత రూపంలో గ్రంథంగా ప్రచురించాడు.

నేటి విద్యార్థి వాడే నిర్జల ఘటాల బలం కూడా ప్రయోగం జరుగుతుండగా కొంత తగ్గుతుంది. అయినా అది ఈ ప్రయోగాన్ని పాడుచేయదు. తీగ చివరల మధ్య ఉన్న V ని, దాని గుండా పోతున్న I ని ఒకే క్షణంలో రెండు మీటర్లు చూపుతాయి. ఘటం బలం తగ్గితే రెండూ కలిసి తగ్గుతాయి, బిందువు అదే రేఖపై కొంచెం క్రిందికి జరుగుతుంది. అమ్మీటరు చదివి, కొంతసేపటికి వోల్టుమీటరు చదివే విద్యార్థి మాత్రం ఈ సౌకర్యాన్ని పోగొట్టుకొంటాడు.

## ఇవి కూడా చూడండి

* ఓమ్ నియమము
* విద్యుత్ నిరోధము
* అమ్మీటరు
* వోల్టుమీటరు
* జార్జ్ సైమన్ ఓమ్